చేపల బోర్డు మీద మూడు రేట్లు రాయించండి

ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనర్ గారికి,

నేను విజయవాడలో చేపల దుకాణం నడుపుతున్నాను. తెల్లవారకముందే కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐసు ట్రేలు దిగుతాయి. తెల్లారేసరికి బోర్డు మీద కిలో ఇంత అని సుద్దముక్కతో ఒక అంకె వేయడం మా దుకాణాల్లో అలవాటు. ఆ ఒక్క అంకె కొనేవాళ్లకీ సరిగ్గా అర్థం కాదు, అమ్మేవాళ్లకీ సరిగ్గా గిట్టదు. ఈ ఉత్తరం దాని గురించే. మీ శాఖ సాయంతో నడిచే దుకాణాల్లోనైనా ఒక రేటు బదులు మూడు రేట్లు రాయించమని అడుగుతున్నాను. మిగిలిపోయిన సరుకు ఖర్చు లెక్కగట్టే పద్ధతిని మీరిచ్చే శిక్షణలో చేర్చమని కూడా అడుగుతున్నాను.

మొన్నామధ్య మా వీధి పిన్నిగారొకావిడ రెండు కిలోల బొచ్చె చేప ఏరుకున్నారు. బోర్డు మీద కిలో 220. కాటా మీద పెట్టి 440 తీసుకున్నాం. తల వద్దన్నారు, ముక్కలు సంచీలో వేసి ఇచ్చాం. మర్నాడు వచ్చి, "బాబూ, రెండు కిలోలు తూచావు, ఇంటికెళ్లి తూచుకుంటే కిలో రెండొందల గ్రాములే ఉంది. ఇదేం తూకం?" అన్నారు. తూకంలో తేడా లేదు. కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంది. ఆవిడ లెక్కలోనూ తప్పు లేదు. రెండు కిలోల బొచ్చెలో పొలుసు, పేగులు, మొప్పలు, రెక్కలు కలిపి దాదాపు 400 గ్రాములు పోతాయి. తల ఇంకో 400 గ్రాములు. బొచ్చెకి తల పెద్దది కాబట్టి శీలావతి కంటే దీనిలో ఈ వాటా ఎక్కువ. చివరికి మిగిలేది కిలో 200 గ్రాములే. అంటే పిన్నిగారు వండుకున్న ముక్క కిలో 367 రూపాయలు పడింది. బోర్డు మీద మాత్రం 220 అనే ఉంది.

ఆ తల సంగతి కూడా చెప్పాలి. ఆవిడ వద్దన్న తల ఊరికే పోదు. బొచ్చె తలకాయ పులుసు కోసం అడిగి మరీ కొనేవాళ్లున్నారు, కిలో 80కి అమ్ముడవుతుంది. 400 గ్రాములకి 32 రూపాయలు. ఆవిడ డబ్బిచ్చి కొన్న తల దుకాణానికి రెండోసారి ఆదాయం తెచ్చిపెడుతోంది. నా దృష్టిలో ఆ 32 రూపాయలు ఆవిడవి. ఒక్క రేటు మాత్రమే ఉన్నంతకాలం వాటిని ఆవిడకి తిరిగి చేర్చే దారి లేదు.

పక్క వీధిలో కోడి మాంసం దుకాణం బోర్డు చూడండి. లైవ్ ఇంత, స్కిన్‌తో ఇంత, స్కిన్‌లెస్ ఇంత అని మూడు వరసలు ఉంటాయి. ఇంట్లో ఎవరిని అడిగినా స్కిన్‌లెస్‌కి ఎందుకు ఎక్కువో చెప్పేస్తారు. కోడి బతికుండగా ఉన్న బరువు వేరు, ఈకలు పేగులు తీశాక బరువు వేరు, తోలు తీశాక బరువు వేరు అని జనానికి బోర్డే నేర్పింది. చేప దగ్గరికి వచ్చేసరికి ఆ చదువు ఆగిపోయింది. పెద్ద షోరూముల్లోనూ ఫోన్ ఆర్డర్లలోనూ శుభ్రం చేసిన బరువుకి రేటు చెబుతారు, మాలాంటి దుకాణాల్లో మొత్తం చేప బరువుకి చెబుతారు. అక్కడ తల లేని ముక్కలు 350, ఇక్కడ 220 అని చూసి, ఇక్కడే చవక అనుకుని వచ్చేవాళ్లు ఎందరో. పిన్నిగారి లెక్క ప్రకారం చూస్తే ఇక్కడే ఎక్కువ.

అయితే కోడి పద్ధతి యథాతథంగా చేపకి పనికిరాదు. ఫారం కోళ్లన్నీ దాదాపు ఒకే వయసులో, ఒకే బరువులో వస్తాయి కాబట్టి తరుగు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. చేప అలా కాదు. జ్యేష్ఠం, ఆషాఢం నెలల్లో పెద్ద చేపల కడుపు నిండా జన ఉంటుంది. ఆ జన వద్దన్నవాళ్లకి తరుగు పెరిగిపోతుంది, కావాలన్నవాళ్లకి పెరగదు. పట్టుబడికి ముందు మేత ఆపని చెరువు నుంచి వచ్చిన సరుకులో పేగు బరువు ఎక్కువ. చిన్న సైజు చేపలో కండ తక్కువ, తీసిపారేసేది ఎక్కువ. వెనామీ రొయ్య తల తీస్తే మూడో వంతుకి కాస్త అటూఇటూగా పోతుంది, మంచినీటి నీలకంఠ రొయ్యలో దాదాపు సగం తలే. చందువలో పోయేది చాలా తక్కువ. వీటన్నిటినీ కలిపి ఒక శాతం అచ్చువేసి గోడకి అంటిస్తే అది ఏ చేపకీ సరిపోదు.

ఇంకో కారణం కత్తి పట్టిన చెయ్యి. ఇది దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. తల కోసేటప్పుడు కత్తిని మొప్ప అంచుకి ఆనించి, కాస్త తలవైపు వాల్చి దింపే మనిషి ఉంటాడు. భుజం దగ్గరి కండ అంతా మొండేనికే ఉండిపోతుంది. ఇంకొకడు రెండు వేళ్లు వెనక్కి జరిపి, నిట్టనిలువుగా ఒక్క వేటు వేస్తాడు. పని త్వరగా అవుతుంది, కానీ మంచి కండ తలతోపాటు వెళ్లిపోతుంది. రెండు కిలోల చేపలో ఈ తేడా 100 గ్రాములు ఉండవచ్చు. శుభ్రం చేసిన బరువుకి అమ్మే దుకాణంలో ఆ 100 గ్రాములు యజమానికి నష్టం. మొత్తం బరువుకి అమ్మే దుకాణంలో కొన్నవాళ్లకి నష్టం, యజమానికి పట్టదు. రేటు ఏ బరువు మీద కడుతున్నామో, జాగ్రత్త ఎవరిదన్నది దాన్నిబట్టే తేలుతుంది.

రోజూ తరుగు మారుతుంటే మరి మూడు రేట్లు ఎలా కట్టాలి? పొద్దున్నే దిగిన సరుకులోంచి చేతికందిన మూడు చేపలు తీసి, ముందు తూచి, మామూలుగా ఎలా కోస్తామో అలాగే కోసి, తర్వాత మళ్లీ తూచాలి. ఏరకూడదు. ఏరితే మంచి కండ ఉన్నవే చేతికొస్తాయి, లెక్క తప్పుతుంది. ఆ ముక్కలు ఎలాగూ అమ్ముడవుతాయి కాబట్టి దీనికి ఖర్చేమీ లేదు. కిలో చేపకి 800 గ్రాములు తలతో సహా వచ్చాయనుకోండి. మొత్తం చేప 220 అయితే తలతో శుభ్రం చేసింది 275. తల లేకుండా 600 గ్రాములు వస్తే, తల 200 గ్రాములకి వచ్చే 16 రూపాయలు 220లోంచి తీసేసి, మిగతా 204ని 600 గ్రాములకి పంచితే కిలో 340 అవుతుంది. బోర్డు మీద 220, 275, 340 అని మూడు వరసలు. పిన్నిగారు 340 రేటు మీద కిలో 200 గ్రాములు కొంటే 408 ఇస్తారు. ఇంతకుముందు ఇచ్చిన 440కీ దీనికీ తేడా సరిగ్గా ఆ తల ఖరీదు 32 రూపాయలే. మర్నాడు జన నిండిన చేపలు దిగి, తలతో సహా 750 గ్రాములే వస్తే, మొదటి అంకె అలాగే ఉండి రెండోది 293 అవుతుంది. ఏ రోజు తరుగు ఆ రోజు బోర్డు మీదే కనిపిస్తుంది.

ఈ పద్ధతిలో మోసానికి చోటు లేదని అనను. శుభ్రం చేసిన బరువుకి అమ్మితే ముక్కల్ని నీళ్లతో కలిపి తూచేవాళ్లు తయారవుతారు. కడిగిన వెంటనే తూచిన ముక్కల్లో నాలుగైదు శాతం నీళ్లే ఉండవచ్చు. చిల్లుల ట్రేలో రెండు మూడు నిమిషాలు ఉంచి, నీళ్లు కారడం ఆగాక తూచాలి. కాటా పళ్లెంలో నీళ్లు నిలిచి ఉంటే ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. ఇప్పటి పద్ధతిలో ఉన్న అనుమానాన్ని కూడా మరిచిపోవద్దు. మొత్తం తూచాక, కోసేచోట మన చేప ముక్కలే మన సంచీలోకి వస్తున్నాయా అని కొన్నవాళ్లు కత్తిపీట పక్కనే నిలబడి కళ్లప్పగించి చూస్తుంటారు. ముక్కలు తూచి ఇస్తే ఆ కాపలా అవసరం ఉండదు.

తరుగు సంగతి ఇంతవరకు. అది రోజూ మారినా పొద్దున్నే కొలవవచ్చు. మిగులు అలాంటిది కాదు. సాయంత్రానికి ఎంత మిగులుతుందో పొద్దున్న ఎవరికీ తెలియదు. చిన్న దుకాణాలు మునిగేది ఇక్కడే. అందుకే ఒక మామూలు రోజు లెక్క పూర్తిగా రాస్తున్నాను. అంకెలు గుండ్రం చేశాను, తీరు మాత్రం ఉన్నదే.

50 కిలోల బొచ్చె కిలో 150 చొప్పున కొన్నాం, 7,500. ఆటో, ఐసు 340. మొత్తం 7,840. ట్రేలో ఐసు నీళ్లు కారిపోయాక మా కాటా మీద 49 కిలోలే తూగింది. అంటే దుకాణంలోకి వచ్చిన కిలో 160 పడింది, కొన్న 150 కాదు. అద్దెలో, కోసే మనిషి కూలిలో, కరెంటులో ఈ సరుకు వాటా 1,000. నాకు రావలసిన రోజు కూలి 800. మొత్తం 9,640. ఈ 49 కిలోలూ అమ్ముడవుతాయనుకుంటే కిలో 197 పెడితే చాలు. కొత్తగా దుకాణం పెట్టినవాళ్లు ఇక్కడే ఆగి, 200 అని బోర్డు రాస్తారు. మామూలు రోజున పొద్దుటి రేటుకి అమ్ముడయ్యేది 41 కిలోలు. సాయంత్రం 6 కిలోలు 120కి పోతాయి, 720 వస్తుంది. 2 కిలోలు ఎవరికీ పనికిరావు. కాబట్టి 9,640లోంచి 720 తీసేస్తే, మిగిలిన 8,920 ఆ 41 కిలోల మీదే రావాలి. కిలో 218 అవుతుంది, బోర్డు మీద 220 రాస్తాం. 197కీ 218కీ మధ్య ఉన్న 21 రూపాయలు మిగులు ఖరీదు. ఇది లాభం కాదు. చూసినవాళ్లకి మాత్రం లాభంలాగే కనిపిస్తుంది. 150కి కొని 220కి అమ్ముతున్నారని మమ్మల్ని తప్పుపట్టేవాళ్లకి ఈ 21 కనిపించదు.

ఇక వాన పడిన రోజు. పొద్దుటి రేటుకి 33 కిలోలే పోయాయి. 16 మిగిలాయి. సాయంత్రం 11 కిలోలు 110కి పోయాయి, 5 పోలేదు. మొత్తం వచ్చింది 8,470. నా కూలి వదిలేసి చూసినా ఖర్చు 8,840. చేతినుంచి 370 పడింది. మర్నాడు పొద్దున సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఆ 370 పూడ్చుకోవాలని 250 రాయబోతుంది. పక్క దుకాణంలో 220 ఉంటుంది. 41 కిలోలు కొనేవాళ్లలో 8 కిలోల బేరం పక్కకి పోయిందనుకోండి, 33 కిలోలు 250 చొప్పున 8,250, మిగులు మీద మళ్లీ 1,210 వస్తుంది, మొత్తం 9,460. అదే 220 ఉంచితే మామూలు రోజున 9,740 వచ్చేది. నిన్నటి నష్టం పూడకపోగా ఈ రోజు రాబడి 280 తగ్గింది, మిగులు రెట్టింపయింది.

కాబట్టి నేను పాటించే పద్ధతి ఇది. తరుగుని ఏ రోజుకారోజు రేటులో చూపించాలి, మిగులుని ఏ రోజుకారోజు చూపించకూడదు. మిగులు ఖర్చుని వారం మొత్తానికి కూడి, పొద్దుటి రేటుకి అమ్మిన కిలోలన్నిటికీ సమంగా పంచాలి. ఆదివారం మిగులు ఉండదు. మంగళ, గురు, శనివారాల్లో ఎక్కువ. శ్రావణం, కార్తీకం వస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది కాబట్టి ఆ నెలలకి వేరే సగటు కట్టుకోవాలి. మృగశిర కార్తె నాటి లెక్కని ఏ సగటులోనూ కలపకూడదు. అది ఏడాదికి ఒక్కరోజు, దాన్ని కలిపితే మిగతా వారాలు బాగున్నట్టు కనిపించి మోసపోతాం.

సాయంత్రం రేటు దగ్గర మావాళ్లలో ఒక పట్టుదల ఉంది. "కొన్న ధరకైనా రాకపోతే ఎలా అన్నా?" అంటారు. ఏడు గంటలకి ట్రేలో ఉన్న చేపకి, పొద్దున ఎంతకి కొన్నామన్న దానితో ఇక సంబంధం లేదు. అప్పుడు చూడవలసింది రేపు ఎంతకి పోతుందన్నదే. ఐసు సరిగ్గా వేస్తే చేప మర్నాటికి పాడవదు, నిజమే. కానీ పక్కన కొత్త సరుకు దిగిన మరుక్షణం దాని రేటు పడిపోతుంది. రాత్రి ఐసు ఖర్చు, కారిన నీళ్ల తరుగు, పైగా అది అమ్ముడైన ప్రతి కిలో కొత్త సరుకులో ఒక కిలో బేరాన్ని తినేస్తుంది. ఇవన్నీ తీసేస్తే రేపటి 90 ఈ రాత్రి 70తో సమానం కావచ్చు. అలాంటప్పుడు ఈ రాత్రి ఎవరైనా 100 ఇస్తానంటే తీసుకోవాలి. 160 వచ్చేదాకా ఇవ్వనని కూర్చుంటే మిగిలేది వాసనే.

అయితే దీనికో హద్దుంది. రోజూ ఏడింటికి రేటు తగ్గుతుందని తెలిస్తే, పొద్దున కొనేవాళ్లే సాయంత్రం దాకా ఆగుతారు. మొత్తం కిలోలు మారకుండా పొద్దుటి కిలోలు వారం వారం తగ్గుతుంటే అదే జరుగుతున్నట్టు. గంటని బట్టి కాకుండా ట్రేలో మిగిలినదాన్ని బట్టి తగ్గించాలి. ఐదారు కిలోలే ఉంటే కొద్దిగా, పదిహేను ఉంటే ఎక్కువగా, ఏమీ లేని రోజున అసలు తగ్గించకుండా. ఇక నిన్నటి సరుకుని కొత్తదానిలో కలపడం నేరం కిందే చూడాలి. వేరే ట్రే, వేరే రేటు, నిన్నటిదని పక్కన రాసి ఉండాలి. రాసి అమ్మేవాళ్లని తనిఖీకి వచ్చినవాళ్లు దొంగల్లా చూస్తే, రాయకుండా కలిపేయడమే మేలని అందరూ నేర్చుకుంటారు. మీ సిబ్బందికి ఈ ఒక్క మాట చెప్పండి.

ఎంత సరుకు తెచ్చుకోవాలన్నదీ ఈ లెక్కలోంచే తేలుతుంది. పై అంకెల్లో పొద్దున అమ్ముడైన కిలోకి 60 రూపాయలు మిగులుతుంది. మిగిలిపోయిన 8 కిలోల మీద వచ్చింది 720, అంటే కిలోకి 90. దుకాణంలో పడిన ఖరీదు 160 కాబట్టి కిలోకి 70 పోతోంది. వచ్చేదానికంటే పోయేది ఎక్కువ ఉన్నప్పుడు, నెలలో సగానికి పైగా రోజుల్లో సాయంత్రానికి ముందే ట్రే ఖాళీ అయ్యేటంత సరుకే తేవాలి. మా పెద్దవాళ్లు ట్రే ఖాళీ అయితే బేరం పోగొట్టుకున్నామని బాధపడేవారు. ఈ లెక్క ప్రకారం అది సరైన రోజు. తలలు, జన, చిన్న ముక్కలు అమ్ముకునే దారి దొరికి మిగులు మీద 90 బదులు 120 వస్తే, అప్పుడు ఇంకాస్త ఎక్కువ తేవచ్చు.

ఇప్పుడు మీరు చేయగలిగినవి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 2020లో మొదలయింది. చేపల కియోస్కు పెట్టుకునేవాళ్లకి మామూలుగా 40 శాతం, మహిళలకీ ఎస్సీ ఎస్టీలకీ 60 శాతం రాయితీ అందులో ఉంది. ఫ్రీజరు, కాటా, స్టీలు బల్ల అన్నీ వస్తాయి. ఆ కాటాతో పాటు నాలుగు గడుల పుస్తకం ఒకటి ఇవ్వండి. పొద్దున దుకాణంలో తూగింది, పొద్దుటి రేటుకి అమ్మింది, తగ్గించి అమ్మింది, పారేసింది. ఇంతే. రోజుకి రెండు నిమిషాల పని. రాయితీ ఫలకం పక్కనే మూడు వరసల బోర్డు కూడా పెట్టించండి.

సచివాలయాల్లో మీ మత్స్య సహాయకులున్నారు. బొచ్చె, శీలావతి, కొర్రమీను, పంగస్, వెనామీ, ఈ ఐదింటికి మాత్రం సైజుల వారీగా, నెలల వారీగా తరుగు కొలిపించండి. విశాఖలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రం ఉంది, కొలిచే పద్ధతి వాళ్లు చెప్పగలరు. ఆ పట్టీ రేటు నిర్ణయించడానికి కాదు, అది పొద్దుటి మూడు చేపల కొలతతోనే జరగాలి. దుకాణంలో వచ్చిన తరుగు మామూలుగా ఉందా, కోసే చేతిలో లోపముందా అని పోల్చి చూసుకోవడానికి అది కావాలి. మార్కెట్ ధరలు సేకరించేటప్పుడు కూడా మొత్తం చేపదా, శుభ్రం చేసిందా, తల ఉందా లేదా అన్న గడి తప్పనిసరి చేయండి. అది లేకపోతే రెండు ఊళ్ల ధరల్ని పక్కపక్కన పెట్టడంలో అర్థం లేదు.

మా దుకాణంలో మూడు వరసల బోర్డు ఇప్పటికే పెట్టాను. పిన్నిగారు తల లేని వరస చూసి కొంటున్నారు. పక్క దుకాణాల్లో ఒకటే రేటు ఉండడంతో, 340 చూసి గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోయేవాళ్లు రోజూ ఉన్నారు. అందరి బోర్డుల మీదా ఉంటే తప్ప ఇది ఒక్క దుకాణం నిలబెట్టగలిగేది కాదు. అందుకే మీకు రాస్తున్నాను. తరుగు, మిగులు రాసుకున్న పుస్తకాల నకళ్లు మీ జిల్లా కార్యాలయంలో ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక చేపల దుకాణదారు